ఫ్లష్ ట్యాంకులో కేసరి రంగు

ప్రతి నెలా మొదటి ఆదివారం పొద్దున్నే నేను ఒక నోట్‌బుక్కు, పెన్ను, తడిగుడ్డ పట్టుకుని మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీదికి వెళ్తాను. తడిగుడ్డ మీటర్ల అద్దాలు తుడవడానికి. బెంగళూరు దుమ్ముకి నెల తిరిగేలోపు అంకెలు కనపడకుండా పోతాయి. మాది హోసూరు రోడ్డుకి కాస్త లోపలగా, పన్నెండు ఇళ్ళున్న చిన్న బిల్డింగు. పైట్యాంకు నుంచి ఒక్కో ఇంటికీ ఒక్కో పైపు కిందికి దిగుతుంది. దిగే ముందు ప్రతి పైపుకీ ఒక మీటరు, దాని పక్కన ఒక వాల్వు ఉంటాయి. పిట్టగోడ పక్కన పన్నెండు మీటర్లూ వరసగా కూర్చుని ఉంటాయి. ఎవరింటి నీళ్ళు ఎన్నో రాసి నోటీసు బోర్డు మీద పెట్టడం నా పని. నేను ఇంట్లో కూర్చుని పిల్లలకి ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్తాను కాబట్టి, అంకెల పని నాకే బాగుంటుందని అందరూ కలిసి నామీద పెట్టారు. నేనూ కాదనలేదు. నిజం చెప్పాలంటే నాకది కొంచెం గర్వంగా కూడా ఉండేది.

ఆ ఏడు వేసవి మమ్మల్ని బాగా ఏడిపించింది. మా బోరు మార్చి నెలాఖరుకే బురద కక్కడం మొదలుపెట్టింది. రెండు రోజులకోసారి ట్యాంకర్ వస్తే సంపులో పోయించుకునేవాళ్ళం. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు మాత్రమే పైకి పంపు చేసేవాళ్ళం. అలాంటి రోజుల్లో మెట్ల మీద ఎదురైనవాళ్ళ మొదటి మాట నీళ్ళ గురించే. ఎవరింట్లో కుళాయి ఎక్కువసేపు తిరిగినా గోడ అవతల ఎవరో ఒకరు చెవులు రిక్కించేవాళ్ళు.

మూడో అంతస్తులో సింగిల్ బెడ్‌రూమ్ ఇంట్లో ఒక నర్సమ్మాయి అద్దెకుండేది. కడప వైపు అమ్మాయి. ముప్ఫై దాటి ఉంటాయి. బొమ్మసంద్ర దగ్గర ఒక ఆసుపత్రిలో పని. వచ్చి ఆరు నెలలైంది. ఒక్కతే. ఆదివారం తెల్లచీర కట్టుకుని బైబిల్ పట్టుకుని చర్చికి పోయేటప్పుడు మెట్ల మీద ఎదురైతే "బాగుండారా అక్కా" అని నవ్వేది. మిగతా రోజుల్లో పొద్దున ఏడుకి వెళ్ళి మూడుకి వచ్చేది. అంతకు మించి ఆమె గురించి మాకెవరికీ ఏమీ తెలీదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు.

ఏప్రిల్ మొదటి ఆదివారం మీటర్లు చూస్తే ఆమె ఇంటి అంకె నా కళ్ళకి గుచ్చుకుంది. నెలకి పన్నెండు వేల లీటర్ల దాకా వచ్చింది. మొదటి అంతస్తులో అత్తమామలతో, ఇద్దరు పిల్లలతో ఉన్నవాళ్ళకి కూడా దాదాపు అంతే. నేను అద్దం మళ్ళీ తుడిచి, మళ్ళీ చదివాను. అదే అంకె. రాసుకుని కిందికి దిగాను.

ఆ సాయంత్రమే పార్కింగులో మీటింగు. ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని గుండ్రంగా కూర్చున్నాం. మా అసోసియేషన్ ప్రెసిడెంటు డెబ్భై దాటిన పెద్దమనిషి. మూడు తరాలుగా బెంగళూరులోనే ఉన్న తెలుగు కుటుంబం. ఏదో ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. గట్టి గొంతు. ఆయన నావైపు చూసి "చదువమ్మా" అన్నాడు. నేను పన్నెండు ఇళ్ళ అంకెలూ చదివాను. నర్సమ్మాయి ఇంటి అంకె చదివేసరికి కుర్చీలు కిర్రుమన్నాయి.

"ఆ ఇంట్లో ఈ యమ్మ ఒక్కతే ఉండాది కదప్పా!" అన్నాడు ప్రెసిడెంటు. "ఒక మనిషికి ఇన్ని నీళ్ళా?"

"బయటివాళ్ళ బట్టలు ఉతికిస్తున్నారేమో," అంది ఒకావిడ, ఎవరినీ చూడకుండా.

"హాస్పిటల్ ఫ్రెండ్సు వచ్చి స్నానాలు చేసి పోతుంటారేమో. హాస్టళ్ళలో నీళ్ళు లేవు కదా ఇప్పుడు," అన్నాడు ఇంకొకాయన.

ఆ అమ్మాయి యూనిఫామ్ మీదే ఉంది. ఆ ఆదివారం డ్యూటీ పడినట్టుంది, ఆసుపత్రి నుంచి తిన్నగా మీటింగుకే వచ్చింది. ముఖం ఎర్రబడింది కానీ గొంతు పెంచలేదు. నన్ను చూసి అడిగింది:

"అక్కా, నేను వచ్చిన మొదట్లో ఎంత వచ్చింది?"

నేను పేజీలు వెనక్కి తిప్పాను. మొదటి మూడు నెలలూ మూడు వేల ఐదొందలకి అటూ ఇటూ. నాలుగో నెల నుంచి పెరిగింది. బోరు బాగున్న రోజుల్లో ఎవరూ పట్టించుకోలేదు. ఆ పేజీలన్నీ రాసింది నా చెయ్యే. కానీ వెనక్కి తిప్పి చూడాలన్న ఆలోచన నాకు అప్పటిదాకా రాలేదు. నేను చదివింది ఆ నెల అంకె ఒక్కటే.

"అంటే మూడు నెలల నుంచే ఎవరో వచ్చి ఉంటున్నారన్నమాట," అన్నాడు ఇందాకటాయన.

ఆమె ప్రెసిడెంటు వైపు తిరిగింది. "నాకు ఒక వారం టైమివ్వండి సార్. ఎక్కడికి పోతున్నాయో చూస్తాను," అంది. ఆయన తలూపాడు. మీటింగు అయిపోయింది.

మర్నాడు మా బిల్డింగుకి ఎప్పుడూ వచ్చే ప్లంబర్‌ని ఆమే పిలిపించుకుంది. మదనపల్లి వైపు మనిషి, ఇరవై ఏళ్ళుగా ఇక్కడే పని. ప్రెసిడెంటు, నేను కూడా వెళ్ళాం. అతను కుళాయిలన్నీ తిప్పి చూశాడు. సింకు కింద చెయ్యి పెట్టి తడిమాడు. గీజర్ పైపులు చూశాడు. బాత్రూములో కాసేపు చెవి రిక్కించాడు. చుక్క పడిన చప్పుడు లేదు. కమోడ్‌లోకి తొంగి చూశాడు. నీళ్ళు కదలకుండా ఉన్నాయి. తర్వాత టెర్రస్ ఎక్కి మీటరు వైపు ఒక చూపు చూశాడు. ఎండ అద్దం మీద పడి మెరుస్తోంది.

"ఏమీ తిరగడం లేదు సార్. లీకేజీ లేదు," అన్నాడు.

ప్రెసిడెంటు నావైపు చూశాడు. ఆ చూపులో ఏముందో నాకు తెలుసు. నాలోనూ అదే ఉంది. నా జాబితా తప్పు కాదని తేలినందుకు ఎక్కడో లోపల ఊరట. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

రెండు రోజుల తర్వాత పొద్దున ఆరున్నరకి నర్సమ్మాయి మా తలుపు తట్టింది. భుజాన బ్యాగు, చేతిలో తాళంచెవి.

"అక్కా, మీరు ఒక సాయం చెయ్యాల. నేను ఏడుకి తాళం వేసి పోతాను. అప్పుడు మీటరు చూసి రాసుకోండి. మళ్ళీ మూడుకి, నేను లోపలికి పోకముందే ఇంకోసారి చూడండి. తాళంచెవి మీ దగ్గరే పెట్టుకోండి."

"నువ్వే ఫోను తీసి ఫోటో కొట్టుకోవచ్చు కదా?" అన్నాను.

"నేను చూస్తే ఎవరు నమ్ముతారక్కా? మీరు చూస్తే అది లెక్క."

ఆ మాటలో దెప్పిపొడుపు లేదు. ఉన్నదున్నట్టు చెప్పింది, అంతే. నేను ఆమె వెంట పైకి వెళ్ళాను. నా ముందే తలుపు లాగి, తాళం వేసి, గుంజి చూసింది. తర్వాత ఇద్దరం టెర్రస్ మీదికి వెళ్ళాం.

"వార్డులో మాకు ఒక చార్టు ఉంటుందక్కా," అంది మెట్లెక్కుతూ. "పేషెంటు ఎంత నీళ్ళు తాగినాడు, సెలైన్ ఎంత ఎక్కింది, ఎంత బయటికి పోయింది, అన్నీ రాస్తాం. రెండూ సరిపోకపోతే ఏదో ఒకచోట తేడా ఉన్నట్టే. కనపడకపోయినా ఉన్నట్టే. నా ఇంటికి కూడా అదే చార్టు వేద్దామనుకున్నా."

మీటరులో నల్ల అంకెలు వేల లీటర్లు, ఎర్ర అంకెలు లీటర్లు. ఎర్ర అంకెలు 318 చూపిస్తున్నాయి. రాసుకున్నాను. ఆమె ఆసుపత్రికి వెళ్ళిపోయింది.

ఆ రోజు నా క్లాసులు నాకే ఎక్కలేదు. మధ్యాహ్నం ఒకసారి వెళ్ళి మూడో అంతస్తులో తలుపు చూసి వచ్చాను. తాళం అలాగే ఉంది. మూడు కాకముందే టెర్రస్ ఎక్కాను. చెప్పులు లేకుండా నిలబడలేనంత వేడి. గుడ్డతో అద్దం తుడిచి, చెయ్యి అడ్డం పెట్టి నీడ చేసి చూశాను. 414.

తాళం వేసిన ఇంట్లో, మనిషి లేని ఇంట్లో, ఎనిమిది గంటల్లో తొంభై ఆరు లీటర్లు.

నేను లెక్కల టీచర్ని. అక్కడే నిలబడి చేశాను. గంటకి పన్నెండు. రోజుకి రెండు వందల ఎనభై ఎనిమిది. నెలకి ఎనిమిది వేల ఆరొందలకి పైమాటే. మొదటి నెలల మూడు వేల ఐదొందలు దానికి కలిపితే నా జాబితాలో ఉన్న అంకె వచ్చేసింది. పేజీలో ఆ రెండు సంఖ్యలూ మూడు నెలలుగా పక్కపక్కనే ఉన్నాయి. నేను ఒకదాన్ని ఇంకోదానిలోంచి తీసెయ్యలేదు, అంతే.

అంతలో ఆమె పైకి వచ్చింది. నా ముఖం ఒకసారి చూసింది. వచ్చి మీటరు ముందు గొంతుక్కూర్చుంది. బ్యాగులోంచి తెల్లటి సర్జికల్ టేపు తీసి, సన్నటి ముక్క చింపి, అద్దం మీద చిన్న ఎర్ర ముల్లు ఎక్కడుందో సరిగ్గా అక్కడ అంటించింది.

"ఇప్పుడు చూద్దాం అక్కా."

ఇద్దరం కదలకుండా కూర్చున్నాం. మొదట ఏమీ లేదు. ముల్లు పక్కన పళ్ళచక్రం లాంటిది ఒకటి ఉంటుంది. నీళ్ళు కాస్త కదిలినా తిరగాల్సింది అదే. అది కదిలిందా లేదా అన్నట్టు ఉంది. ఉండుండి ఒకసారి సన్నగా వణికి, మళ్ళీ ఆగింది. రెండు నిమిషాలు గడిచేసరికి ముల్లు టేపుని దాటి పక్కకి జరిగింది. ఒక చుట్టు తిరిగి మళ్ళీ టేపు దగ్గరికి రావడానికి ఐదు నిమిషాలు పట్టింది. చుట్టుకి ఒక లీటరు. ఆ రోజు ప్లంబర్ చూసింది ఒక్క క్షణం, అదీ మెరిసే ఎండలో. అబద్ధం చెప్పలేదు పాపం. అతనికి నిజంగానే అది ఆగి ఉన్నట్టు కనపడింది.

ఆమె మీటరు పక్కనున్న వాల్వు కట్టేసింది. ముల్లు ఆగిపోయింది. ఐదు నిమిషాలు చూశాం, కదల్లేదు. తెరిచింది. మళ్ళీ మెల్లగా బయల్దేరింది.

"ఈ వాల్వు కింది నుంచి నా ఇంటి దాకా ఎక్కడో పోతా ఉండాయి," అంది. "కుళాయిలు కారడం లేదు. గోడలు తడి లేవు. ఇంక మిగిలింది ఫ్లష్ ట్యాంకే. అక్కా, మీ ఇంట్లో కేసరి రంగు ఉందా?"

నాకు అర్థం కాలేదు. "కేసరిబాత్‌లో వేసేదా?"

"అదే."

మా వంటింటి డబ్బాల వెనక చిన్న సీసా ఉంది. ఉగాదికి కేసరిబాత్ చేసినప్పుడు వాడిన నారింజ రంగు పొడి. ఆమె ఇంటికే తెచ్చిచ్చాను. ఆమె ఒక గ్లాసు నీళ్ళలో రెండు చిటికెలు వేసి కలిపింది. ముందు బాత్రూములో ఫ్లష్ ట్యాంకు పూర్తిగా నిండి, నీళ్ళు రావడం ఆగేదాకా చూసింది. పింగాణీ మూత రెండు చేతులతో జాగ్రత్తగా ఎత్తి, నేలమీద పాత తువ్వాలు పరిచి దానిమీద పెట్టింది. గ్లాసులోని రంగు ట్యాంకులో పోసింది. నీళ్ళు మొత్తం ముదురు నారింజ రంగుకి తిరిగాయి. కింద కమోడ్‌లో మాత్రం తెల్లగా, ఎప్పటిలాగే ఉన్నాయి.

"అరగంట ఎవరూ ఫ్లష్ నొక్కకూడదు," అంది. "ఈ నీళ్ళు ట్యాంకులోనే ఉండాల. నొక్కకుండా కిందికి దిగినాయంటే, దారి ఉన్నట్టే."

బాత్రూము తలుపు మూసి బయటికి వచ్చాం. ఆమె టీ పెట్టింది. నాకు కాలు నిలవడం లేదు. పది నిమిషాలకే లేవబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"టెస్టు పెట్టినాక మధ్యలో తొంగి చూడకూడదక్కా. జ్వరం చూసేటప్పుడు కూడా థర్మామీటర్ అరనిమిషానికే లాగేస్తే ఏం తెలుస్తుంది?"

టీ తాగుతూ నేను అడిగాను, ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావని.

"హాస్టల్లో ఉన్నప్పుడు మా వార్డెన్ చేసేది. ఆమె నీలిమందు వేసేది. ఆ రోజు ప్లంబర్ లీకేజీ లేదన్నాక రెండు రోజులు నాకూ ఏమీ తోచలేదు. నిన్న రాత్రి డ్రిప్ పెట్టిన పేషెంటు గుర్తుకొచ్చినాడు. చుక్క చుక్క పోతుంటే ఎవరికీ కనపడదు. గంటలు చూస్తేనే తెలుస్తుంది. అప్పుడు వార్డెన్ రంగు టెస్టు గుర్తొచ్చింది." ఒక్క క్షణం ఆగి, తలుపు వైపు చూసి అంది, "మీటింగు రోజు నుంచి నేను అర బకెట్‌తోనే పోసుకుంటా ఉన్నానక్కా. బట్టలు ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు దారిలో స్నేహితురాలి గదిలో ఉతుక్కుంటా ఉన్నా. నాకు తెలీకుండా నేనే ఏదో ఎక్కువ వాడతా ఉన్నానేమో అనుకున్నా."

నా చేతిలో కప్పు కింద పెట్టేశాను. బయటివాళ్ళ బట్టలు తన ఇంట్లో ఉతికిస్తోందన్నారు మావాళ్ళు. తన బట్టలే బయట ఉతుక్కుంటోంది ఆ పిల్ల.

అరగంట అయింది. ఆమె గడియారం చూసుకుని లేచింది. తలుపు తీసి లైటు వేసింది. ఇద్దరం వంగి చూశాం.

కమోడ్‌లో నీళ్ళు పల్చటి నారింజ రంగులో ఉన్నాయి. వెనకవైపు అంచు కింది నుంచి, వేలి వెడల్పు కూడా లేని ఒక రంగు చార పింగాణీకి అతుక్కుని జారుతోంది. గోడకి నూనె జారినట్టు, ఏ చప్పుడూ లేకుండా. రంగు లేకపోతే అక్కడ నీళ్ళు కదులుతున్నాయని ఎవరికీ తెలిసే దారి లేదు. నేను చెవి దగ్గర పెట్టి విన్నాను కూడా. ఏమీ వినపడలేదు.

"ఇదిగోండక్కా," అంది మెల్లగా. అరవలేదు, గంతులెయ్యలేదు. మంచి నర్సు సూది దించేటప్పుడు ఉండే నిదానమే ఆమె గొంతులో.

నేనైతే అప్పుడే ప్రెసిడెంటుని పిలుచుకొచ్చేదాన్ని. ఆమె ఆగమంది. ఇంకో సంగతి తేలాలట. ట్యాంకులోంచి నీళ్ళు రెండు దారుల్లో పోవచ్చని చెప్పింది. ఒకటి, నీళ్ళ మీద తేలే ఫ్లోటు సరిగ్గా ఆపక నీళ్ళు ఎక్కువై, మధ్యలో నిలువుగా ఉన్న గొట్టం పైనుంచి పొర్లి పోవడం. రెండోది, అడుగున ఫ్లష్ వాల్వు కింద ఉండే రబ్బరు వాషరు సరిగ్గా కూర్చోక, ఆ సందులోంచి కారిపోవడం. ట్యాంకులో చూపించింది. నీళ్ళు గొట్టం మూతికి ఒక అంగుళం కిందే ఉన్నాయి.

"పైనుంచి పొర్లడం లేదు. పెన్సిల్‌తో ఇక్కడ గీత పెడతాను. ఇప్పుడు ట్యాంకుకి వచ్చే నీళ్ళు ఆపేస్తే ఈ గీత కన్నా దిగాల. దిగితే అడుగున వాషరే. మీరు పైకి పోయి మీటరు దగ్గర నిలబడండి. ఫోను చేస్తాను."

నేను పరుగున ఎక్కాను. యాభై దాటిన మనిషిని, ఆ మెట్లు అంత వేగంగా ఎక్కిన గుర్తు లేదు. ఫోను మోగింది. ఆమె గోడ దగ్గర, ట్యాంకుకి నీళ్ళు ఆపే యాంగిల్ కాక్ తిప్పడానికి అవస్థ పడుతున్నట్టుంది. ఎన్నేళ్ళుగా ఎవరూ ముట్టుకోనిది, బిగుసుకుపోయింది. గుడ్డ చుట్టి తిప్పుతున్నానని చెప్పింది. ఊపిరి వినపడుతోంది.

"కట్టేసినా. చూడండి."

నేను టేపు ముక్క వైపు చూశాను. ముల్లు దాని పక్కనే, కదలకుండా ఉంది.

"ఆగింది."

"తొందరపడొద్దు. ఐదు నిమిషాలు చూడండి."

చూశాను. పళ్ళచక్రం వణకలేదు. ముల్లు జరగలేదు.

"ఆగింది. పూర్తిగా ఆగింది," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

"ఇక్కడ గీత కిందికి నీళ్ళు దిగతా ఉండాయి. వేలి మందం దిగింది," అంది అవతల నుంచి. అప్పుడు మొదటిసారి నవ్వింది. నేను ఆ ఎండలో, ఫోను చెవికి పెట్టుకుని, కళ్ళు తుడుచుకున్నాను.

సాయంత్రం అదే ప్లంబర్‌ని పిలిచింది. నాకు అతనిమీద కోపంగానే ఉంది. ఆమె మాత్రం "అన్నా, ఒకసారి ఇది చూడండి" అని తీసుకెళ్ళి రంగు చార చూపించింది. యాంగిల్ కాక్ మళ్ళీ తెరిచి ఉంచింది, అతను తన కళ్ళతో చూడాలని. అతను చాలాసేపు అలాగే వంగి చూశాడు.

"నేను ఊరికే తొంగి చూసి పోయినా మేడమ్," అన్నాడు చివరికి. "చప్పుడు లేకపోతే లీకు లేదనుకుంటిని."

నీళ్ళు ఆపి, ట్యాంకు ఖాళీ చేసి, ఫ్లష్ వాల్వు మెలితిప్పి బయటికి తీశాడు. అడుగున రబ్బరు వాషరు చేతిలో పెట్టి చూపించాడు. మెత్తగా ఉండాల్సింది గట్టిపడి, అంచు ఒకచోట లోపలికి మడతపడింది. బోరు నీళ్ళ ఉప్పు తెల్లటి పొరగా పట్టుకుని ఉంది. వాషరు కూర్చునే చోట కూడా అదే పొర. అతను దాన్ని స్క్రబ్బరుతో నున్నగా గీకి, కొత్త వాషరు వేసి బిగించాడు.

ఆమె అక్కడితో వదల్లేదు. రెండుసార్లు ఫ్లష్ చేసి, కమోడ్‌లో రంగంతా పోయాక, ట్యాంకు నిండనిచ్చి, మళ్ళీ కేసరి రంగు వేయించింది. ఈసారి నలుగురం అరగంట కూర్చున్నాం: ఆమె, నేను, ప్లంబర్, మధ్యలో వచ్చిన ప్రెసిడెంటు. ట్యాంకులో నారింజ, కమోడ్‌లో తెలుపు. పైన మీటరు నిలబడిపోయింది. ప్లంబర్ వెళ్ళేటప్పుడు నా సీసా చేతిలోకి తీసుకుని, పేరు చదువుకుని, ఇది ఏ అంగట్లో దొరుకుతుందని నన్ను అడిగాడు.

ప్రెసిడెంటు పాత వాషరుని చేతిలో తిప్పి చూసుకుంటూ కిందికి దిగిపోయాడు.

ఆదివారం మీటింగులో నేను అడగకుండానే లేచి నిలబడ్డాను. తాళం, 318, 414, రంగు చార, అన్నీ వరసగా చెప్పాను. "ఆ అంకె చదివింది నేను. వెనక పేజీ చూడనిదీ నేనే. అందరి ముందూ చదివాను కాబట్టి అందరి ముందే క్షమాపణ అడుగుతున్నాను," అన్నాను. స్నానాల సంగతి ఎత్తినాయన తన చెప్పుల వైపు చూసుకుంటూ కూర్చున్నాడు.

ఆమె లేచి, బ్యాగులోంచి చిన్న చిన్న కాగితం పొట్లాలు తీసింది. ఆసుపత్రిలో మాత్రలు కట్టినట్టు, మడత మీద మడత, నీటుగా పన్నెండు. ఒక్కోదానిలో రెండు చిటికెల రంగు.

"అందరిళ్ళలోనూ ఒకే వయసు ట్యాంకులు," అంది. "ట్యాంకు నిండినాక వేసి, అరగంట ఎవరూ నొక్కకుండా చూడండి. అంతే. రంగు దిగితే భయపడాల్సిందేమీ లేదు, చిన్న వాషరు మారిస్తే పోతుంది. చూసినాక మాత్రం వెంటనే ఫ్లష్ చేసెయ్యండి, లేకపోతే రంగు మరక పట్టుకుంటుంది."

తనని అనుమానించినవాళ్ళ చేతుల్లో ఆ పొట్లాలు ఒక్కొక్కటే పెడుతూ వెళ్ళింది. బట్టలు ఉతికిస్తోందేమో అన్నావిడకి ఇంట్లో రెండు బాత్రూములని గుర్తుపెట్టుకుని, నా వాటా పొట్లం కూడా అడిగి ఆమెకే ఇచ్చింది. నా దగ్గర సీసా ఉంది కదా అంది.

సాయంత్రం ఆరయ్యేసరికి మెట్ల దగ్గర ప్రెసిడెంటు గొంతు వినపడింది.

"రాండప్పా, అందరూ వచ్చి చూడండి! మా ఇంట్లోనే ఉండాది! నా ట్యాంకే కార్తా ఉండాది!"

వెళ్ళి చూస్తే ఆయన బాత్రూము గుమ్మంలో లుంగీ ఎగగట్టుకుని నిలబడి, వచ్చినవాళ్ళందరికీ చెయ్యి చాపి చూపిస్తున్నాడు. కమోడ్‌లో నీళ్ళు ముదురు నారింజ. ఆమె ఇంట్లో కన్నా ఎక్కువగానే దిగుతోంది. వాళ్ళింట్లో తొమ్మిదిమంది మనుషులు కావడంతో ఆ అంకె ఎవరికీ ఎక్కువగా అనిపించలేదు. "ఎన్నాళ్ళ నుంచో ఏమో! ముప్ఫై ఐదేళ్ళు మెషిన్ల మధ్య పని చేస్తిని. నా ఇంట్లో నీళ్ళు పోతుంటే తెలీలేదు," అన్నాడు. ఇంకో రెండు ఇళ్ళలో కూడా రంగు దిగింది. మా ఇంట్లో దిగలేదు. కానీ ఆ రోజు అందులో గొప్ప ఏమీ కనపడలేదు నాకు.

మర్నాడు పొద్దున ఆమె డ్యూటీకి బయల్దేరే వేళకి ప్రెసిడెంటు మూడో అంతస్తు మెట్లెక్కాడు. నేనూ వెనకే వెళ్ళాను. ఆయనకి మోకాళ్ళ నొప్పి. లిఫ్టు ఆ రోజు పని చెయ్యడం లేదు. పై మెట్టు మీద ఆగి, రొప్పుతూ అన్నాడు:

"నీకు ఒక మాట చెప్పల్లని వస్తిని తల్లా. ఆ రోజు నేను అట్లా అనకూడదు. పెద్దోణ్ణి, విచారించి అనల్ల. తప్పయింది."

"ముందు కూచోండి సార్," అంది ఆమె. కుర్చీ తెచ్చి మెట్ల దగ్గరే వేసింది. నీళ్ళిచ్చింది. ఆయన ఊపిరి సర్దుకునేదాకా పక్కనే నిలబడింది. బస్సు పోయిందా అని నేను అడిగితే, ఇంకోటి వస్తుందిలే అంది.

ఆ నెలాఖరులో ఒకసారి ఇద్దరం కూరగాయలు కొనుక్కుని నడిచి వస్తుంటే, నా మనసులో ఉన్నది అడిగేశాను. ఆ రోజు మీటింగులో అన్ని మాటలు పడి, ఒక్కదానికైనా ఎందుకు ఎదురు చెప్పలేదని.

"ఏమని చెప్పేదక్కా? నీళ్ళు ఎక్కడ పోతా ఉండాయో అప్పటికి నాకూ తెలీదు కదా," అంది. "తెలిసినాక చెప్పొచ్చులే అనుకున్నా. తెలిసినాక చూస్తే, ఇంక కోపం చేసుకునే పని లేదు."

ఒక చేతి సంచి ఇంకో చేతిలోకి మార్చుకుని, సొరకాయ బాగా లేతగా ఉందక్కా, మీకు సగం కోసిస్తాను అంది. నేను వద్దనలేదు.